రిలే ఆఫ్ అయితే బోర్డు రీసెట్ అవుతోంది: రెండు పొరల లేఅవుట్‌లో ఎక్కడ తప్పింది?

బోరుబావి · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది నల్గొండ దగ్గర పల్లె. మా పొలంలో మోటార్ స్టార్టర్‌ని టైమ్ ప్రకారం ఆన్, ఆఫ్ చేయడానికి ఒక బోర్డు చేశాను. STM32F103C8T6, 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, టైమ్ కోసం 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్, ULN2003, రెండు 12 వోల్టుల రిలేలు. రిలే కాంటాక్టు స్టార్టర్‌లోని 230 వోల్టుల కాంటాక్టర్ కాయిల్‌ని నడుపుతుంది. రెండు పొరల బోర్డు, 1.6 మి.మీ. మందం, బయట ఫ్యాబ్ చేయించాను. ఐదు బోర్డులు వచ్చాయి.

బల్ల మీద రిలే ఒక్కటే పెట్టి నడిపితే వారం రోజులైనా ఏమీ కాదు. కాంటాక్టర్ తగిలిస్తే మాత్రం, ఆఫ్ చేసే క్షణంలో పదిహేనుసార్లకు ఒకసారి బోర్డు రీసెట్ అవుతోంది. ఆన్ చేసేటప్పుడు ఎప్పుడూ కాలేదు. ఇంకో సమస్య, ఒక బోర్డు కొన్ని రోజులు తెల్లవారుజామున అసలు లేవదు. పవర్ తీసి పెడితే లేస్తుంది. మూడోది, టైమ్ రోజుకి 4, 5 సెకన్లు ముందుకు పోతోంది.

రెండు వైపులా గ్రౌండ్ పోర్ వేశాను, డీఆర్‌సీలో ఒక్క ఎర్రర్ లేదు. లేఅవుట్ బొమ్మలు రెండూ జత చేశాను. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి. ఈ వానాకాలంలోపు పొలంలో పెట్టాలి.

టంకం · సోమవారం, రాత్రి 10:15

ఇది గ్రౌండ్ సమస్యే తమ్ముడూ. రిలేల గ్రౌండ్, కంట్రోలర్ గ్రౌండ్ ఒకటే పోర్‌లో కలిపేశావు. రెండుగా విడగొట్టు. మధ్యలో 2 మి.మీ. సందు వదిలి, పవర్ కనెక్టర్ దగ్గర ఒక్క చోట మాత్రమే కలుపు. మా షాపులో ఇన్వర్టర్ బోర్డులన్నీ ఇలాగే ఉంటాయి.

రాగిపొర · సోమవారం, రాత్రి 11:05

బోరుబావి గారూ, బొమ్మలు చూశాను. చెప్పాల్సింది చాలా ఉంది. కానీ ముందు ఒక పరీక్ష చేయండి. రీసెట్ ఎందుకు అయిందో ఆ చిప్పే రాసి పెట్టుకుంటుంది. `main` మొదట్లోనే ఇది పెట్టి, విలువని సీరియల్ పోర్టులో ప్రింట్ చేయండి:

```c
uint32_t why = RCC->CSR;
RCC->CSR |= RCC_CSR_RMVF;
```

పవర్ పడిపోయి రీసెట్ అయితే `PORRSTF` బిట్ వస్తుంది. వాచ్‌డాగ్ అయితే `IWDGRSTF`. ఏ రీసెట్ అయినా `PINRSTF` మాత్రం వస్తుంది, ఎందుకంటే లోపలి రీసెట్ కూడా NRST పిన్నుని కిందికి లాగుతుంది. కాబట్టి `PINRSTF` ఒక్కటే కనిపించి మిగతావేవీ లేకపోతే, బయటి నుంచి ఆ పిన్ను మీదకి నాయిస్ వచ్చిందని అర్థం. పవర్ లైన్ సమస్యా, రీసెట్ పిన్ సమస్యా అన్నది దీంతో తేలిపోతుంది. ఊహ మీద బోర్డు మార్చకండి.

ఇంటి_ల్యాబ్ · మంగళవారం, ఉదయం 7:20

రెండు పొరల బోర్డు ఇంట్లో చేయడం కష్టం బ్రో. ఫెర్రిక్ క్లోరైడ్‌లో రెండు వైపులూ సమానంగా తినవు, అందుకే నీ గ్రౌండ్ ఎక్కడో తెగి ఉంటుంది. నేను ట్రాకులన్నీ కింద వేసి, పైన జంపర్ వైర్లు పెడతాను. మల్టీమీటర్‌తో కంటిన్యుటీ చూడు.

బోరుబావి · మంగళవారం, ఉదయం 8:02

ఇంటి_ల్యాబ్ అన్నా, ఇది ఫ్యాబ్‌లో చేసిన బోర్డు. రాగి బాగానే ఉంది, కంటిన్యుటీ కూడా ఉంది.

రాగిపొర గారూ, రాత్రే పరీక్ష చేశాను. కాంటాక్టర్‌ని వందసార్లు ఆన్, ఆఫ్ చేశాను. ఏడుసార్లు రీసెట్ అయింది. ఏడుసార్లూ `PINRSTF` ఒక్కటే. `PORRSTF` ఒక్కసారి కూడా రాలేదు. నేను మూడు రోజులుగా 3.3 వోల్టుల లైన్ మీద కెపాసిటర్లు పెంచుతూ కూర్చున్నాను.

రాగిపొర · మంగళవారం, మధ్యాహ్నం 1:30

ఇక బొమ్మ చూద్దాం. మీ NRST ట్రాక్ చిప్ దగ్గర బయలుదేరి, 70 మి.మీ. నడిచి, రిలే కాయిల్ పిన్నుల పక్కగా పోయి, బోర్డు అంచున ప్రోగ్రామింగ్ హెడర్ చేరుతోంది. పిన్ను దగ్గర కెపాసిటర్ లేదు. చిప్ లోపలి పుల్‌అప్ సుమారు 40 కిలో ఓములు. అంత బలహీనంగా పట్టుకున్న తీగని అంత పొడవున రిలే పక్కన వేస్తే అది యాంటెన్నాలా పనిచేస్తుంది. కాంటాక్టర్ కాయిల్‌ని ఆఫ్ చేసినప్పుడు రిలే కాంటాక్టులో నిప్పురవ్వ వస్తుంది. ఆ రవ్వ నుంచి అతి వేగమైన పల్స్‌లు పక్కనున్న ప్రతి తీగలోకీ ఎక్కుతాయి. ఆన్ చేసేటప్పుడు ఆ స్థాయిలో రవ్వ ఉండదు, అందుకే మీకు ఆఫ్‌లోనే వస్తోంది.

ఇప్పుడున్న బోర్డులోనే ఒక పని చేయండి. NRST పిన్నుకీ దాని పక్కనున్న VSSA పిన్నుకీ (7, 8 నంబర్లు) మధ్య 100 నానోఫారడ్ కెపాసిటర్ టంకం వేయండి. చాలా వరకు తగ్గుతుంది. కానీ అసలు కారణం గ్రౌండ్‌లో ఉంది, దానికి కొత్త లేఅవుట్ కావాలి.

మీరు కింది పొరలో 12 వోల్టుల ట్రాక్‌ని కనెక్టర్ నుంచి ULN2003 దాకా 48 మి.మీ. అడ్డంగా లాగారు. ఆ ట్రాక్ చుట్టూ పోర్ రెండుగా చీలిపోయింది. డీఆర్‌సీ దీన్ని ఎందుకు పట్టుకోదంటే, చుట్టూ తిరిగి ఎక్కడో ఒకచోట రాగి కలిసే ఉంది కదా, దానికి అది చాలు. కరెంటుకి చాలదు. కంట్రోలర్ నుంచి ULN2003కి పోయే రెండు సిగ్నళ్లు పైపొరలో ఆ చీలికని దాటుతున్నాయి. సిగ్నల్ ఏ దారిలో పోయిందో, వేగంగా మారే కరెంటు సరిగ్గా దాని కిందనే తిరిగి రావాలని చూస్తుంది. కింద రాగి లేకపోతే బోర్డు అంచు దాకా పోయి చుట్టూ తిరిగి వస్తుంది. అంత పెద్ద చుట్టు ఏర్పడితే, బయటి నాయిస్ దాంట్లోకి తేలిగ్గా ఎక్కుతుంది, కంట్రోలర్ కింది గ్రౌండే అటూ ఇటూ ఊగుతుంది.

కైక్యాడ్‌లో ఇది కళ్లతో చూడొచ్చు. `B` నొక్కి జోన్లన్నీ నింపండి, తర్వాత `B.Cu` తప్ప అన్ని లేయర్లూ దాచేయండి. ఆ రేకుని నీళ్లు పారే పొలంలా చూడండి. ఎక్కడ గట్టు అడ్డం వచ్చిందో తెలిసిపోతుంది.

టంకం గారూ, మీరన్నదాంట్లో సగం నేనూ ఒప్పుకుంటాను. రిలే కరెంటు కంట్రోలర్ కింద నుంచి పోకూడదు. కానీ దానికి సందు కోయక్కర్లేదు. కనెక్టర్, రిలేలు, ULN2003 ఒక చివర పెట్టి, కంట్రోలర్ రెండో చివర పెడితే, రిలే కరెంటు కనెక్టర్ దగ్గరే తిరిగి వెళ్లిపోతుంది, కంట్రోలర్ వైపు రావడానికి కారణమే ఉండదు. సందు కోస్తే, దాని మీదుగా పోయే ప్రతి సిగ్నల్‌కీ ఇప్పుడు వీరి బోర్డులో ఉన్న జబ్బే వస్తుంది.

టంకం · మంగళవారం, సాయంత్రం 6:45

సిగ్నళ్లన్నీ ఆ ఒక్క కలిపిన చోటు మీదుగానే పోనిస్తే ఇబ్బంది ఉండదు. మేం అలాగే చేస్తాం. అందరూ అది పాటించరన్నది నిజమే. ఇంకో మాట, తమ్ముడి బోర్డులో గ్రౌండ్ పోర్ 230 వోల్టుల కాంటాక్టు పిన్నుల దగ్గరికి 1 మి.మీ. దూరం దాకా వచ్చేసింది. ఇది రీసెట్ కన్నా పెద్ద ప్రమాదం. అక్కడ మాత్రం రాగి పూర్తిగా తీసెయ్యి.

రాగిపొర · మంగళవారం, సాయంత్రం 7:10

టంకం గారికి ధన్యవాదాలు, నేను దాన్ని గమనించలేదు. కరెంటు వైపుకీ తక్కువ వోల్టేజీ వైపుకీ మధ్య కనీసం 6 మి.మీ., చోటుంటే 8 మి.మీ. రెండు పొరల్లోనూ ఖాళీ వదలండి. రిలే అడుగున కాయిల్ పిన్నులకీ కాంటాక్టు పిన్నులకీ మధ్య గాడి కోయిస్తే ఇంకా మంచిది. పొలం షెడ్డులో దుమ్ము, తేమ చేరతాయి. అప్పటిదాకా 230 వోల్టులు తగిలించిన బోర్డుని ముట్టుకోకండి.

గోదావరి_గట్టు · మంగళవారం, రాత్రి 9:25

నా అనుభవం కూడా చెబుతాను, ఎందుకంటే నాది సరిగ్గా దీనికి ఎదురు. నా బోర్డులో `PORRSTF` వచ్చేది. నేను SIM800L పెట్టి ఇలాంటి స్టార్టర్ బోర్డే చేశాను. ఆ మాడ్యూల్ నెట్‌వర్క్‌తో మాట్లాడేటప్పుడు సుమారు అర మిల్లీసెకను పాటు 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. నేను దానికి 0.25 మి.మీ. వెడల్పు ట్రాక్ 60 మి.మీ. పొడవున వేశాను. మా సార్ ఒక లెక్క నేర్పారు. 35 మైక్రాన్ల రాగిలో ఒక్కో చదరం అర మిల్లీఓము. 60ని 0.25తో భాగిస్తే 240 చదరాలు, అంటే 120 మిల్లీఓములు. గ్రౌండ్ కూడా అలాంటి ట్రాకే, ఇంకో 120. రెండు ఆంపియర్లకి దాదాపు అర వోల్టు పోయింది. 4 వోల్టులు ఇస్తే అక్కడ 3.5 చేరేవి. దానికి కనీసం 3.4 కావాలి. అదే ట్రాక్ నుంచి కంట్రోలర్ రెగ్యులేటర్‌కి కూడా లైన్ తీశాను కాబట్టి అదీ పడిపోయేది.

ట్రాక్ 2.5 మి.మీ. చేసి, గ్రౌండ్ రేకుగా వేసి, మాడ్యూల్ పక్కనే 1000 మైక్రోఫారడ్ పెట్టాక పోయింది. రెగ్యులేటర్‌కి లైన్ పెద్ద కెపాసిటర్ దగ్గర్నుంచి విడిగా తీశాను.

బోరుబావి · బుధవారం, ఉదయం 6:50

గోదావరి_గట్టు మేడమ్, చదరాల లెక్క ఇంత తేలికని తెలియదు. నా రిలేలు ఒక్కోటి 30 మిల్లీఆంపియర్లే, కాబట్టి వెడల్పు సమస్య నాకు లేదనుకుంటా. అయినా 12 వోల్టుల లైన్ 1 మి.మీ. చేస్తాను.

NRST దగ్గర 100 నానోఫారడ్ వేశాను. రాత్రి 150సార్లలో రెండుసార్లే రీసెట్ అయింది!

కొత్త లేఅవుట్ మొదలుపెట్టాను. రెండు సందేహాలు. డీకప్లింగ్ కెపాసిటర్లు నాలుగూ అందంగా ఒక వరసలో, చిప్‌కి 20 మి.మీ. దూరంలో పెట్టాను. అది తప్పా? క్రిస్టల్ 25 మి.మీ. దూరంలో ఉంది, హెడర్లు అడ్డం వచ్చి దగ్గర చోటు దొరకలేదు.

రాగిపొర · బుధవారం, మధ్యాహ్నం 2:15

రెండూ తప్పే, రెండింటికీ మందు ఒక్కటే. మీరు ముందు హెడర్లు పెట్టి, మిగిలిన చోట్లో క్రిస్టల్ ఇరికించారు. వరస తిప్పండి. ముందు కనెక్టర్, రిలేలు. తర్వాత చిప్. చిప్‌ని తిప్పి చూసుకుంటూ, 3 నుంచి 6 దాకా పిన్నులున్న వైపు రిలేలకి దూరంగా, ఖాళీ చోటు వైపు ఉండేలా పెట్టండి. రెండు క్రిస్టళ్లూ ఆ వైపే వస్తాయి. హెడర్ పిన్నుల్ని ఫర్మ్‌వేర్‌లో మార్చుకోవచ్చు, క్రిస్టల్ పిన్నుల్ని మార్చలేం.

పవర్ విషయానికి వస్తే, ఈ చిప్‌కి VDD పిన్నులు 24, 36, 48, ఇంకా VDDA 9. ప్రతి ఒక్కదానికీ 100 నానోఫారడ్ పిన్నుకి 2, 3 మి.మీ. లోపల ఉండాలి. చిప్ లోపల స్విచ్ అయ్యే కరెంటు నానోసెకన్లలో మారుతుంది. 20 మి.మీ. ట్రాక్‌కి ఉండే ఇండక్టెన్స్ ఆ వేగానికి గోడలా అడ్డం నిలుస్తుంది, అప్పుడు కెపాసిటర్ ఉన్నా లేనట్టే. లైన్ ముందు కెపాసిటర్ ప్యాడ్‌కి వచ్చి, అక్కడి నుంచి పిన్నుకి పోవాలి. కెపాసిటర్ గ్రౌండ్ ప్యాడ్ పక్కనే వయా దించండి, రెండు కెపాసిటర్లు ఒక వయాని పంచుకోకూడదు.

మరి నాలుగు వైపులకీ 3.3 వోల్టులు ఎలా చేర్చాలి అంటారా, నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. చిప్ పొట్ట కింద పైపొర ఖాళీగా ఉంటుంది. అక్కడ ఒక చదరపు రాగి ముక్క వేసి దానికి 3.3 ఇవ్వండి. దాన్నుంచి మూడు VDD మూలలకీ పొట్టి ట్రాకులు తీయండి. అప్పుడు కింది పొరని ముట్టుకోకుండానే పవర్ అంతా చేరిపోతుంది, చిప్ కింద గ్రౌండ్ రేకు చీలకుండా నిలుస్తుంది. సిగ్నళ్లు దాటుకోవాల్సి వస్తే కిందికి దిగి, 4, 5 మి.మీ.లో మళ్లీ పైకి వచ్చేయాలి. అలాంటి పొట్టి గాట్లు రేకుకి ఏమీ చేయవు, వాటి చుట్టూ కరెంటు తేలిగ్గా పోతుంది. మీ 12 వోల్టుల లైన్‌ని పైపొరకి మార్చండి. ULN2003 తొమ్మిదో పిన్ను నుంచి రిలేల 12 వోల్టుల పిన్నుకి దారి పొట్టిగా ఉండాలి. ఆఫ్ అయినప్పుడు కాయిల్ కరెంటు తిరిగేది ఆ దారిలోనే.

బోరుబావి · బుధవారం, రాత్రి 8:30

అర్థమైంది సార్. తెల్లవారుజామున లేవని బోర్డు సంగతి కూడా క్రిస్టల్ వల్లేనా? స్కోప్ ప్రోబ్ పెడితే లేస్తోంది, తీస్తే పోతోంది. టెన్షన్‌గా ఉంది, ఎందుకంటే నీళ్లు ఆగిపోతే వరి ఎండుతుంది.

రాగిపొర · బుధవారం, రాత్రి 10:00

ప్రోబ్‌ని క్రిస్టల్ పిన్నుల మీద పెట్టకండి. ఆ ప్రోబే 10 పికోఫారడ్లకి పైగా కలుపుతుంది, మీరు చూసేది అసలు సర్క్యూట్ కాదు. ఈ చిప్ 8 మెగాహెర్ట్జ్‌ని PA8 మీదకి పంపగలదు. ఆ పిన్నుని ఆల్టర్నేట్ ఫంక్షన్ ఔట్‌పుట్‌గా పెట్టే పని కూడా ఈ లైనే చేస్తుంది:

```c
HAL_RCC_MCOConfig(RCC_MCO1, RCC_MCO1SOURCE_HSE, RCC_MCODIV_1);
```

దాన్ని అక్కడ కొలవండి. బోర్డు చచ్చిపోయినట్టు కనిపించడానికి కారణం కూడా ఉంది. క్రిస్టల్ సమయానికి మొదలవకపోతే క్యూబ్ ఇచ్చే కోడు `Error_Handler`లోకి పోయి అక్కడే తిరుగుతుంది. అక్కడ లోపలి 8 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్‌కి మారి పని కొనసాగించేలా రాయండి. మోటార్ నడపడానికి అది చాలు.

8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్‌ని 5, 6 పిన్నులకి 5 మి.మీ. లోపల పెట్టండి. కెపాసిటర్లు రెండూ దానికి ఆనుకుని, వాటి గ్రౌండ్ VSSA పిన్ను దగ్గరికి పొట్టిగా చేరాలి. దాని కింద ఏ ట్రాకూ పోకూడదు. మీ పాత బొమ్మలో రిలే ట్రాక్ సరిగ్గా క్రిస్టల్ కింద నుంచి పోయింది. టంకం వేశాక ఫ్లక్స్‌ని ఐసోప్రొపైల్‌తో కడగండి. తెల్లవారుజామున మంచు తేమకి ఆ ఫ్లక్స్ తడిసి కరెంటు కారడం మొదలుపెడుతుంది. 25 మి.మీ. తీగలకి అది తోడైతే లేవకపోవడంలో వింత లేదు.

ఇక 32 కిలోహెర్ట్జ్ సంగతి. మీ క్రిస్టల్ లోడ్ ఎంత?

బోరుబావి · బుధవారం, రాత్రి 10:20

కోఠిలో కొన్నాను, స్థూపంలా ఉండేది. షాపతను 12.5 పికోఫారడ్ అన్నాడు. 10 పికోఫారడ్ కెపాసిటర్లు రెండు పెట్టాను.

రాగిపొర · బుధవారం, రాత్రి 10:50

అదే కారణం. F103 డేటాషీట్‌లో, ఈ ఆసిలేటర్‌కి 7 పికోఫారడ్ లేదా అంతకన్నా తక్కువ లోడ్ క్రిస్టల్ వాడమని, 12.5ది ఎప్పుడూ వాడొద్దని స్పష్టంగా రాశారు. దాన్ని నడిపేంత శక్తి ఆ పిన్నుకి లేదు. మీ 10, 10 కలిపి 5, తీగలవి ఇంకో 3 అనుకుంటే, క్రిస్టల్‌కి అందుతున్నది 8. కావాల్సింది 12.5. లోడ్ తక్కువైతే వేగం పెరుగుతుంది. రోజుకి 4, 5 సెకన్లంటే సుమారు 50 పీపీఎం, లెక్క సరిపోతోంది. కెపాసిటర్ పెంచి సరిచేద్దామనుకోకండి, అప్పుడు మొదలవడమే కష్టమవుతుంది. 6 పికోఫారడ్ లోడ్‌ది తెప్పించండి. దానికి కెపాసిటర్లు కూడా 6 చొప్పున సరిపోతాయి.

పక్కనే ఉన్న రెండో పిన్ను PC13 మీద మీరు మిణుకుమిణుకుమనే ఎల్ఈడీ పెట్టారు. దాన్ని వేరే పిన్నుకి మార్చండి. 32 కిలోహెర్ట్జ్ సిగ్నల్ చాలా నాజూకైనది, పక్క పిన్ను కదిలినా దానికి తగులుతుంది.

టంకం · గురువారం, ఉదయం 9:10

క్రిస్టల్ కింద గ్రౌండ్ రేకు కూడా తీసేయాలి కదా? లేకపోతే ఆ రేకు వల్ల కెపాసిటెన్స్ పెరిగి ఫ్రీక్వెన్సీ మారుతుంది.

గోదావరి_గట్టు · గురువారం, ఉదయం 10:35

అది నాలుగు పొరల బోర్డులకి పట్టించుకోవాల్సిన మాట టంకం గారూ, అక్కడ రేకు 0.2 మి.మీ. లోతులో ఉంటుంది. ఇక్కడ 1.6 మి.మీ. కింద ఉంది. రెండు చదరపు మి.మీ. ప్యాడ్‌కి లెక్క వేస్తే దాదాపు 0.05 పికోఫారడ్ వస్తుంది, అంచుల వల్ల ఇంకొంచెం కలిసినా లెక్కలోకి రాదు.

రాగిపొర · గురువారం, మధ్యాహ్నం 12:40

లెక్క సరైనదే. కెపాసిటెన్స్ భయం వద్దు. వేరే కరెంటు ఆ రేకులో క్రిస్టల్ కింద నుంచి పోతుందా అన్నదే ప్రశ్న. కొందరు క్రిస్టల్ కింద గ్రౌండ్‌ని దీవిలా విడదీసి చిప్ దగ్గర ఒక్క చోట కలుపుతారు. నేను మాత్రం చీల్చకుండా వదిలేసి, పక్కన వేరే ఏదీ రాకుండా చూస్తాను. 8 మెగాహెర్ట్జ్‌లో రెండూ పనిచేయడం చూశాను, ఇదే మేలని కొలిచి చూపించలేను.

టంకం · గురువారం, మధ్యాహ్నం 1:05

నేను దీవికే ఓటేస్తాను. చిప్ తయారుచేసినవాళ్ల ఆసిలేటర్ గైడ్‌లో కూడా అలాగే ఉంది.

బోరుబావి · మూడు వారాల తర్వాత, ఆదివారం

కొత్త బోర్డులు వచ్చాయి. రేకు చీల్చకుండా ఒకే పోర్ వేశాను (టంకం అన్నా, ఏమీ అనుకోకండి). కింది పొరలో ఏ గాటూ 5 మి.మీ. దాటలేదు. NRST ట్రాక్ 12 మి.మీ., పక్కనే కెపాసిటర్. ప్రోగ్రామింగ్ హెడర్ కంట్రోలర్ వైపుకి మార్చాను.

కాంటాక్టర్‌తో 300సార్లు నడిపాను. రెండుసార్లు రీసెట్ అయింది, రెండుసార్లూ `PINRSTF`.

రాగిపొర · ఆదివారం

లేఅవుట్ చేయగలిగింది ఇంతవరకే. రవ్వని పుట్టిన చోటే ఆపాలి. కాంటాక్టర్ కాయిల్ టెర్మినళ్ల మీదనే 100 ఓములు, 0.1 మైక్రోఫారడ్ వరసగా కలిపి పెట్టండి. కెపాసిటర్ తప్పనిసరిగా X2 రకం కావాలి, మామూలుది పేలుతుంది. మెయిన్ ఆపి, లైన్ లేదని టెస్టర్‌తో చూసుకున్నాకే చేయి పెట్టండి.

బోరుబావి · బుధవారం

స్నబ్బర్ పెట్టాక 500సార్లు నడిపాను, ఒక్కసారీ రీసెట్ కాలేదు. 8 మెగాహెర్ట్జ్ తొమ్మిది తెల్లవారుజాములు వరసగా లేచింది. 6 పికోఫారడ్ క్రిస్టల్‌తో టైమ్ వారానికి 2 సెకన్లు వెనక్కి పోతోంది. ఫర్మ్‌వేర్‌లో సరిచేసుకుంటాను. ఒక బోర్డు షెడ్డులో బిగించాను, మిగతావి కూడా ఈ వారమే.

ఇంటి_ల్యాబ్ · గురువారం

ఇదే లేఅవుట్ నేను ఇంట్లో చేస్తే వయాల్లో రాగి పూత ఉండదు కదా, ఆ కెపాసిటర్ల గ్రౌండ్ ఎలా దించాలి?

రాగిపొర · గురువారం

ప్రతి వయాలో సన్న తీగ ముక్క దూర్చి రెండు వైపులా టంకం వేయండి. చిప్ చుట్టూ ఉన్న నాలుగింటికీ ముందు వేయండి, మిగతా చోట కాళ్లున్న భాగాల కాళ్లనే రెండు వైపులా టంకం వేసి వాడుకోండి. క్రిస్టల్ కెపాసిటర్ల దగ్గర మాత్రం తీగ పొట్టిగా కత్తిరించండి.